డబ్బా మూత చప్పుడుకి కుక్క పరిగెత్తుకొస్తే అది క్లాసికలా, ఆపరెంటా?

చివరిబెంచీ

మొన్న మాకు సైకాలజీలో మోడల్ పరీక్ష పెట్టారు. అందులో ఒక ప్రశ్న: "తిండి డబ్బా మూత తీసిన చప్పుడు వినగానే కుక్క వంటగదిలోకి పరిగెత్తుకొచ్చి నోరూరుతూ నిలబడుతుంది. ఇది ఏ రకమైన అభ్యసనం?" నేను ఆపరెంట్ అని పెట్టాను. పరిగెత్తితే తిండి దొరుకుతోంది కదా, తిండి బహుమతి కదా అనుకున్నాను. కీలో క్లాసికల్ అని ఉంది. అడిగితే "చప్పుడు ఉంది కాబట్టి క్లాసికల్" అన్నారు. చప్పుడుంటే చాలా? అయితే బెల్ మోగగానే లేచి తలుపు తీయడం కూడా క్లాసికలేనా?

ఇంకో ప్రశ్న కూడా పోయింది. "మెసేజ్ వచ్చిందేమోనని మాటిమాటికి ఫోన్ చూసుకోవడం ఏ పునర్బలన షెడ్యూల్?" కీ చర నిష్పత్తి అంటోంది, అంటే ఎన్నిసార్లు చేస్తే ఫలితం వస్తుందన్నది మారుతూ ఉండడం. నా దగ్గరున్న గైడ్‌లో చర కాలవ్యవధి అని ఉంది, అంటే ఎంతసేపటికి వస్తుందన్నది మారుతూ ఉండడం. ఏది నమ్మాలి? నిర్వచనాలు నాకు కంఠతా వచ్చు. ఉదాహరణ ఇచ్చేసరికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

బొమ్మాబొరుసు

బాబూ, ఇందులో తికమక పడడానికేం లేదు. చాలా ఏళ్లుగా పిల్లలకి ఒకటే చెబుతున్నాను. శరీరం దానంతటదే చేసే పని అయితే క్లాసికల్: నోరూరడం, ఉలిక్కిపడడం, గుండె దడ, చెమట. మనం కావాలని చేసే పని అయితే ఆపరెంట్: నడవడం, నొక్కడం, అడగడం. నోరూరడం క్లాసికల్, పరిగెత్తడం ఆపరెంట్. నీ ప్రశ్నలో రెండూ కలిపేశారు, ప్రశ్న రాసినవాళ్లది తప్పు. పరీక్షలో ఇలాంటిది వస్తే నోరూరడం అన్న మాట పట్టుకుని క్లాసికల్ పెట్టెయ్, మార్కు పడుతుంది.

పిల్లితల్లి

నాది పరీక్ష బాధ కాదండీ, నిద్ర బాధ. మా పిల్లి తెల్లవారుజామున నాలుగింటికి తలుపు గీకుతూ అరుస్తుంది. మొదట్లో లేచి తిండి పెట్టేదాన్ని. ఇలా కాదని గట్టిగా అనుకుని పెట్టడం మానేశాను. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు నలభై నిమిషాలు ఆగకుండా అరిచింది, పక్కవాళ్లు ఏమంటారోనని టెన్షన్ వచ్చి లేచి పెట్టేశాను. అప్పట్నుంచి మునుపటికన్నా ఎక్కువైంది. ఇది క్లాసికలో ఆపరెంటో చెబితే ఆపే మందు కూడా తెలుస్తుందేమోనని అడుగుతున్నాను.

పావురాలగూడు

చివరిబెంచీ గారూ, మీ అనుమానం సరైనదే. చప్పుడుంటే క్లాసికల్ అన్నది లెక్కలోకి రాదు. ఆపరెంట్‌లోనూ సంకేతాలుంటాయి. దీపం వెలిగినప్పుడు మీట నొక్కితేనే గింజ, ఆరిపోయాక నొక్కితే ఏమీ రాదు అని పెడితే ఎలుక దీపాన్ని చూసే నొక్కుతుంది. తలుపు బెల్ కూడా అంతే. తలుపు తీస్తే అవతల మనిషి ఉంటాడని బెల్ చెబుతోంది, మనిషి కనబడేది మాత్రం మీరు తీస్తేనే.

బొమ్మాబొరుసు గారి చిట్కా చాలాచోట్ల పనిచేస్తుంది, కాదనను. కానీ అది వ్యాధి చూడకుండా లక్షణం చూసి చెప్పడం లాంటిది. ఏ పని అన్నది కాదు చూడాల్సింది, ఆ ఫలితం దేన్ని పట్టుకుని వస్తోంది అన్నది. తిండి చప్పుడు వెనకాల వస్తోందా, జంతువు చేసిన పని వెనకాల వస్తోందా? క్లాసికల్‌కి పేరుపడ్డ పావ్లోవ్ ప్రయోగంలో సంకేతం తరవాత కుక్క నోరూరించినా, ఊరించకపోయినా మాంసపు పొడి వచ్చేది. దాని చేతిలో ఏమీ లేదు. ఆపరెంట్‌కి పేరుపడ్డ స్కిన్నర్ పెట్టెలో ఎలుక మీట నొక్కకపోతే ఆకలితో కూర్చోవాల్సిందే.

ఇక ఆ చిట్కా ఎక్కడ తప్పుతుందో చెబుతాను. చదువుకునే రోజుల్లో రెండేళ్లు పావురాల ల్యాబులో పనిచేశాను, అందుకే ఈ పేరు. 1968లో బ్రౌన్, జెంకిన్స్ అని ఇద్దరు ఒక పని చేశారు. గోడకి చిన్న గుండ్రటి బిళ్ల, అది ఎనిమిది సెకన్లు వెలుగుతుంది, ఆరగానే గింజల పళ్లెం పైకి వస్తుంది. పావురం ఏం చేసినా, చేయకపోయినా గింజలు వస్తాయి. బిళ్లని పొడవమని ఎవరూ నేర్పలేదు, పొడవాల్సిన అవసరమూ లేదు. కొన్ని పదుల సార్లు అయ్యేసరికి పావురాలు వెలిగిన బిళ్ల దగ్గరికి వెళ్లి టకటకా పొడవడం మొదలుపెట్టాయి. పొడవడం కాళ్లూ మెడా కదిపి చేసే పని, నోరూరడంలా గ్రంథి పని కాదు. అయినా తిండి వస్తున్నది వెలుగు వెనకాలే. అంటే ఏర్పాటు పావ్లోవ్‌ది, పని చూస్తే స్కిన్నర్‌ది.

బొమ్మాబొరుసు

అయ్యా, పరీక్షలో పావురాలు రావు, కుక్కలే వస్తాయి. అది పక్కన పెట్టినా మీ ఉదాహరణకి మామూలు జవాబే ఉంది. పావురం ఊరికే తిరుగుతూ ఒకసారి బిళ్లని పొడిచి ఉంటుంది, అదే క్షణాన గింజలు వచ్చి ఉంటాయి. నేను పొడిచాను కాబట్టే వచ్చాయని దానికి అనిపించి ఉంటుంది. స్కిన్నరే 1948లో పావురాల మూఢనమ్మకాలని రాశాడు కదా, ఇదీ అదే. ఆపరెంటే, కాకపోతే కాకతాళీయంగా జరిగిన ఆపరెంట్.

పావురాలగూడు

అప్పట్లో చాలామంది సరిగ్గా ఇదే అన్నారు. అందుకే మరుసటి ఏడాది, 1969లో, విలియమ్స్ దంపతులు దాన్ని తిరగేశారు. బిళ్ల వెలుగుతుంది, పావురం ఊరుకుంటే గింజలు వస్తాయి. పొడిస్తే వెలుగు అక్కడికక్కడే ఆరిపోతుంది, ఆసారి గింజలు లేవు. పొడవడమన్నది తిండి కోసం నేర్చుకున్న పనే అయితే ఇక్కడ అది త్వరలోనే మానెయ్యాలి, ఎందుకంటే పొడిచిన ప్రతిసారీ నష్టమే. పావురాలు మానలేదు. చేతికొచ్చే తిండి పోగొట్టుకుంటూనే చాలా సార్లు పొడుస్తూ పోయాయి.

నేను కూడా ఇది కళ్లారా చూశాను. ఆకలి మీదున్న పావురం వెలుగు రాగానే ముందు తల తిప్పుకుంటుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, ఆ తరవాత ఆగలేక వచ్చి పొడుస్తుంది. వెలుగు ఆరిపోతుంది. చూడడానికి జాలేస్తుంది.

ఇంకోటి కూడా చూడండి. 1973లో జెంకిన్స్, మూర్ కలిసి కొన్నిసార్లు గింజలు, కొన్నిసార్లు నీళ్లు ఇచ్చి ఫిల్మ్ తీశారు. గింజలు రాబోయే బిళ్లని ముక్కు తెరిచి, గింజ ఏరుకున్నట్టు చటుక్కున పొడిచాయి. నీళ్లు రాబోయే బిళ్ల మీద మాత్రం నీళ్లు తాగుతున్నట్టే ముక్కు ఆనించి నెమ్మదిగా కదిపాయి. మీటని నొక్కినట్టు బిళ్లని నొక్కడం కాదన్నమాట, ఆ బిళ్లనే తింటున్నాయి, తాగుతున్నాయి. కాకతాళీయం అంటే ఈ తేడా ఎందుకుండాలి?

బొమ్మాబొరుసు గారూ, మీకు కుక్కే కావాలంటే అదీ ఉంది. 1965లో షెఫీల్డ్ ఇదే మెలికని కుక్క మీద పెట్టాడు. శబ్దం వచ్చాక నోరూరిస్తే తిండి రద్దు, ఊరించకపోతే తిండి. కుక్క నోరూరడాన్ని ఆపుకోలేకపోయింది. అక్కడ మీ చిట్కా, ఈ పరీక్ష రెండూ ఒకటే జవాబు చెబుతాయి. పావురం దగ్గరే విడిపోతాయి.

చివరిబెంచీ

అంటే ఉదాహరణ చూడగానే "ఈ పని చేస్తే ఫలితం రద్దు అని పెడితే ఏమవుతుంది" అని ఊహించుకోవాలన్నమాట. మానేస్తే ఆపరెంట్, మానలేకపోతే క్లాసికల్. ఇది గుర్తుంటుంది. మరి నా కుక్క? పరిగెత్తుకొస్తే తిండి పెట్టము, ఉన్నచోటే ఉంటే పెడతాము అంటే మానేస్తుందా?

లెక్కలమనిషి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు సైకాలజీ రాదు కానీ ప్రయోగాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. ఈ రద్దు పరీక్షలో ఒక చిక్కుంది. పొడిచిన ప్రతిసారీ గింజలు రద్దు చేస్తే వెలుగూ గింజలూ జతగా రావడం కూడా తగ్గిపోతుంది కదా? అంటే క్లాసికల్ అయినా సరే కొంత తగ్గాలి. పది వెలుగుల్లో పదికీ తిండి వచ్చేచోట ఇప్పుడు నాలుగింటికే వస్తోంది. కాబట్టి "తగ్గింది, అందుకే ఆపరెంట్" అనడానికి లేదు.

పావురాలగూడు

మీరు సైకాలజీ రాదంటే నమ్మను. మా ప్రొఫెసర్ మొదటి రోజే అడిగిన ప్రశ్న ఇది. అందుకే పక్కనే ఇంకో పావురాన్ని జోడీగా పెట్టాలి. మొదటి పావురానికి ఏ వెలుగు తరవాత గింజలు వచ్చాయో రెండోదానికీ సరిగ్గా అప్పుడే వస్తాయి. అది పొడిచినా, పొడవకపోయినా తేడా లేదు. ఇద్దరికీ తిండి లెక్క ఒకటే. ఇప్పుడు మొదటిది రెండోదానికన్నా తక్కువ పొడిస్తే, ఆ తేడా వరకూ పర్యవసానం పనిచేసినట్టు. ఇద్దరూ సమానంగా పొడిస్తే పర్యవసానానికి పట్టు లేనట్టు. సాధారణంగా కొంచెం తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. అంటే చాలా పనుల్లో రెండూ పాళ్లలో ఉంటాయి.

చివరిబెంచీ గారూ, ఇక మీ కుక్క. ఇది నిజంగా తేలని చోటు. చప్పుడు తరవాత గిన్నెలో తిండి ఎలాగూ పడుతుంది, కుక్క రాకపోయినా పడుతుంది. ఆ లెక్కన క్లాసికల్. కానీ గిన్నె దాకా వస్తేనే నోట్లోకి వెళ్తుంది. ఆ లెక్కన ఆపరెంట్. 1986లో హెర్ష్‌బర్గర్ కోడిపిల్లలకి ఒక తమాషా గది కట్టాడు. పిల్ల గిన్నె వైపు నడిస్తే గిన్నె రెట్టింపు వేగంతో దూరం జరుగుతుంది. పిల్ల వెనక్కి నడిస్తే గిన్నె రెట్టింపు వేగంతో దగ్గరికొస్తుంది. తిండి అందాలంటే తిండికి దూరంగా నడవాలి. పిల్లలు అది నేర్చుకోలేకపోయాయి, గిన్నె వెంటే పరిగెత్తాయి. దాన్నిబట్టి తిండి వైపు పరిగెత్తడం మనం అనుకున్నంత "కావాలని చేసే పని" కాదేమో అనిపిస్తుంది. అయితే కోడిపిల్లలు నేర్వలేదు కాబట్టి మీ కుక్కా నేర్వదని నేను పందెం కాయను. "ఆగు" అని నేర్పిన కుక్కలు గిన్నె ముందు నోరూరుతూనే కూర్చుంటాయి, అందరూ చూసేదే. కాళ్లు మాట విన్నాయి, నోరు వినలేదు.

పరీక్షకి మాత్రం నోరూరడం క్లాసికల్ అని రాయండి. పరిగెత్తడం గురించి విడిగా అడిగితే, ఫలితం దేన్ని పట్టుకుని వస్తోందో ఆ ప్రశ్నలోనే వెతకండి. "వచ్చి కూర్చుంటేనే పెడతాడు" అని ఉంటే ఆపరెంట్.

బొమ్మాబొరుసు

ఆ ఆఖరి వాక్యం బాగుంది, రేపటి నుంచి క్లాసులో వాడుకుంటాను. కానీ నా చిట్కాని తీసెయ్యను. నిమిషానికో ప్రశ్న చేయాల్సిన పిల్లవాడు జోడీ పావురాలని ఊహించుకుంటూ కూర్చోలేడు.

సూటిప్రశ్న

ఇంత చర్చ అవసరమా? బహుమతి ఇస్తే పాజిటివ్, కొడితే నెగటివ్ పునర్బలనం. పిల్లి అరిస్తే నెగటివ్ ఇవ్వండి, గట్టిగా కసిరితే మళ్లీ అరవదు. అయిపోయింది.

చివరిబెంచీ

ఇది మాత్రం నాకు బాగా తెలుసండీ, ఒకసారి ఇక్కడే మార్కు పోగొట్టుకున్నాను! పునర్బలనం అంటే పాజిటివ్ అయినా నెగటివ్ అయినా పని పెరగాలి. నెగటివ్ అంటే ఇబ్బందిని తీసెయ్యడం. కారెక్కగానే కీకీమని మోగుతుంది, బెల్టు పెట్టుకోగానే ఆగుతుంది, రేపు కూడా పెట్టుకుంటాం. కసరడం వల్ల పని తగ్గితే దాన్ని శిక్ష అంటారు.

సూటిప్రశ్న

పేరు ఏదైతేనేం, పని జరిగితే చాలు.

పిల్లితల్లి

కసిరి చూశానండీ. కసరడానికి కూడా లేచి తలుపు తీయాలి కదా. తలుపు తీస్తే దానికి పండగే.

పావురాలగూడు

పిల్లితల్లి గారూ, ఆ ఒక్క వాక్యంలోనే సగం జవాబుంది. కసరడం మీ దృష్టిలో శిక్ష, పిల్లి దృష్టిలో తలుపు తెరుచుకోవడం. ఏది పునర్బలనమో తేల్చేది పిల్లే, మనం కాదు.

మీది ఆపరెంట్. అరుపు వల్ల మీరు లేస్తున్నారు, లేస్తే తిండి. మొదట్లో అరిచిన ప్రతిసారీ పెట్టారు. అలా పెట్టి ఒక్కసారిగా ఆపితే పిల్లికి తేడా వెంటనే తెలుస్తుంది. రోజూ వచ్చేది రావట్లేదు, ఇక లాభం లేదు అని. అలా ఆపడాన్నే విరమణ అంటారు. మొదలైన కొత్తలో అరుపు తగ్గడానికి బదులు ఒక్కసారిగా ఎగసిపడడం మామూలే. మీ నాలుగో రోజు నలభై నిమిషాలు అదే. ఇంకొంచెం ఓర్చుకుంటే దిగేది. సరిగ్గా శిఖరం మీద ఉండగా మీరు తిండి పెట్టారు.

దాంతో రెండు పనులు జరిగాయి. కొంచెం అరిస్తే చాలదు, నలభై నిమిషాలు అరిస్తే వస్తుందని నేర్పారు. పైగా మూడు రోజులు రాకపోయినా నాలుగో రోజు రావచ్చని నేర్పారు. ఇప్పుడు మీరు మళ్లీ ఆపితే, తిండి రాని రోజులు దానికి కొత్తగా ఏమీ అనిపించవు. "మొన్న కూడా ఇలాగే మూడు రోజులు రాలేదు, తరవాత వచ్చింది." ఎప్పుడో ఒకసారి బహుమతి దొరికిన అలవాటు ఎప్పుడూ దొరికిన అలవాటుకన్నా మొండిగా ఉండడానికి కారణం ఇదే.

కాబట్టి మళ్లీ మొదలుపెడితే మధ్యలో ఒక్కరోజు కూడా జారకూడదు. జారేలా ఉంటే మొదలుపెట్టకపోవడమే నయం. తిండికీ మీకూ సంబంధం తెంచడం ఇంకా తేలిక. టైము పెడితే దానంతటదే తిండి వదిలే పరికరాలున్నాయి కదా, అవి. ముందు ఒక్కసారి పశువుల డాక్టరుకి చూపించండి. వయసైన పిల్లి అయితే రాత్రిళ్లు అరవడం జబ్బు వల్ల కూడా కావచ్చు. దానికి ఏ షెడ్యూలూ పనికిరాదు.

పిల్లితల్లి

మూడేళ్ల పిల్లేనండీ, దుక్కలా ఉంది. అయినా చూపిస్తాను. పరికరం కొంటాను.

రాత్రిడ్యూటీ

ఫోన్ ప్రశ్న వదిలేశారు. నాకు అందులో ఆసక్తి ఉంది, ఎందుకంటే రాత్రి షిఫ్టులో గంటకి యాభైసార్లు చూస్తాను. నా ఓటు చర నిష్పత్తికే. జూదం మెషీన్ కూడా అదే కదా, ఎప్పుడు తగులుతుందో తెలియక లాగుతూనే ఉంటాం. ఫోనూ అంతే.

లెక్కలమనిషి

ఎప్పుడొస్తుందో తెలియకపోవడం రెండింట్లోనూ ఉంది, అది "చర" అన్న సగం. నిష్పత్తా కాలవ్యవధా అన్నది వేరే సగం. జూదం మెషీన్‌ని ఒక గంట వదిలేసి వచ్చి లాగితే తగిలే అవకాశం పెరుగుతుందా? పెరగదు. ఎన్నిసార్లు లాగామన్నదే లెక్క, ఎంతసేపు ఆగామన్నది కాదు. ఫోన్‌ని గంట వదిలేసి వచ్చి చూస్తే? మెసేజ్ ఉండే అవకాశం తప్పకుండా పెరుగుతుంది. గంటలో యాభైసార్లు చూసినా, ఒక్కసారి చూసినా వచ్చే మెసేజ్‌లు అవే. కాబట్టి చివరిబెంచీ గారి గైడే కరెక్టు అనిపిస్తోంది.

పావురాలగూడు

"ఆగితే లాభముందా?" అన్న ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, నాలుగు షెడ్యూళ్లూ నిష్పత్తివి రెండు, కాలవ్యవధివి రెండుగా విడిపోతాయి. కాలవ్యవధి షెడ్యూల్లో ఆగినకొద్దీ తరవాతి పొడుపుకి గింజ దొరికే అవకాశం పెరుగుతుంది, అందుకే పావురం తీరిగ్గా పొడుస్తుంది. నిష్పత్తిలో ఆగితే నష్టమే, అందుకే దడదడలాడిస్తుంది. రెండు పావురాలని జోడీ కట్టి, ఇద్దరికీ ఒకే సమయంలో గింజలు దక్కేలా చూసినా చర నిష్పత్తి మీద ఉన్నదే చాలా వేగంగా పొడుస్తుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో వేసిన పుస్తకంలోనే పొడుపుల లెక్క చూపే ఈ జోడీ గీతలున్నాయి.

స్థిరమైన రెండింట్లో గీతల ఆకారమే వేరు. స్థిర నిష్పత్తిలో, అంటే ఇన్ని పొడుపులకి ఒక గింజ అంటే, గింజ తిన్నాక కాసేపు కదలదు. మొదలుపెట్టిందంటే చివరిదాకా ఒకే ఊపు. స్థిర కాలవ్యవధిలో మొదట దాదాపు ఏమీ ఉండదు, సమయం దగ్గరపడేకొద్దీ పొడుపులు చిక్కబడతాయి. ఓవెన్‌లో కేకు పెట్టి మొదట పట్టించుకోకుండా, చివరి ఐదు నిమిషాల్లో పదిసార్లు తొంగిచూసే మనిషి గీత అచ్చం అలాగే ఉంటుంది.

రాత్రిడ్యూటీ

సరే, మెసేజ్‌ల వరకు ఒప్పుకుంటాను. కానీ నేను నిజంగా చేసేది మెసేజ్ చూడడం కాదు, వేలితో వీడియోలు తోసుకుంటూ పోవడం. ఒక్కో తోపుకి ఒకటి వస్తుంది, పదింట్లో ఒకటి బాగుంటుంది. ఆగితే ఏం లాభం? ఎంత తోస్తే అంత.

లెక్కలమనిషి

అది నిష్పత్తే. ఒకే ఫోన్‌లో రెండు షెడ్యూళ్లున్నాయన్నమాట. మీరు యాభైసార్లు తెరవడం ఒకటి, తెరిచాక వదల్లేకపోవడం ఇంకొకటి.

చివరిబెంచీ

అయితే ప్రశ్నలో "మెసేజ్ వచ్చిందేమోనని" అని ఉంది కాబట్టి కీ తప్పు! అభ్యంతరం పెడతాను. ఇంకొక్కటి. నెలజీతం స్థిర కాలవ్యవధి అని అన్ని గైడ్‌లలో ఉంది. దానికి మీ ప్రశ్న వేస్తే తేలట్లేదు.

పావురాలగూడు

తేలదు, ఎందుకంటే అది అసలు ఆ షెడ్యూలే కాదు. స్థిర కాలవ్యవధి అంటే గడువు దాటాక చేసిన మొదటి పనికి ఫలితం రావాలి. మధ్యలో చేసినవాటికి ఏమీ లేదు. నిజంగా అలా ఉంటే 29 రోజులు ఇంట్లో పడుకుని ముప్పయ్యో రోజు ఒక్క కాగితం మీద సంతకం పెడితే జీతం రావాలి. అలాంటి ఉద్యోగముంటే నాకూ చెప్పండి. గైడ్‌లు రాసేవాళ్లు "నిర్ణీత కాలం" అన్న మాట చూసి అతికించేశారు. పరీక్షలో వాళ్లకి కావలసిందే రాయండి, ఇక్కడ మాత్రం నన్ను ఒప్పుకోమనకండి.

ఫోన్ కూడా పుస్తకంలోని చర కాలవ్యవధికి అచ్చుగుద్దినట్టు సరిపోదు. పెట్టెలో ఒక గింజ సిద్ధమయ్యాక పావురం పొడిచేదాకా రెండోది సిద్ధం కాదు. మెసేజ్‌లు మీరు చూడకపోయినా పేరుకుంటూ పోతాయి. దగ్గరి పోలిక, అంతవరకే.

బొమ్మాబొరుసు

నెలజీతం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పిల్లలకి అది చెబితేనే తలకెక్కుతుంది. ఉదాహరణ నూటికి నూరు కుదరాలని ఎక్కడుంది?

పావురాలగూడు

తలకెక్కేది తప్పయితే తీయడం కష్టం కదండీ. పిల్లితల్లి గారిని అడగండి.

పిల్లితల్లి

ఐదు వారాలైంది, చెబుదామని వచ్చాను. డాక్టరు పిల్లి బాగానే ఉందన్నారు. పరికరం కొని ఐదింటికి పెట్టాను. మొదటి వారం నాలుగింటికే తలుపు గీకింది. ఒకరోజు గంటంపావు అరిచింది, దిండు చెవుల మీద పెట్టుకుని పడుకున్నాను, లేవలేదు. పదో రోజుకి బాగా తగ్గింది. మధ్యలో రెండు రోజులు ఏ కారణం లేకుండా మళ్లీ మొదలుపెట్టింది, పట్టించుకోకపోతే ఆగింది. ఇప్పుడు నా తలుపు దగ్గరికే రావట్లేదు.

కానీ కొత్త సంగతొకటి. తిండి పడే ముందు ఆ పరికరం లోపల చక్రం తిరిగి గిర్రుమని రెండు సెకన్లు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకి పిల్లి ఎక్కడున్నా ఎగిరి వస్తుంది. నిన్న ఇంకోటి చూశాను. నాలుగున్నరకి నీళ్లకని లేస్తే, అది పరికరం ముందు కూర్చుని మూతిని నాకుతోంది, ఒక కాలితో ప్లాస్టిక్‌ని మెల్లగా తడుతోంది. తడితే తిండి పడదు, ఎప్పుడూ పడలేదు. మరి ఎందుకు తడుతోంది?

పావురాలగూడు

గిర్రుమన్న చప్పుడు సంగతి సులభం, అది పావ్లోవ్‌దే. చప్పుడు వెనకాలే తిండి, పిల్లి చేతిలో ఏమీ లేదు. ఏ చప్పుడూ లేకుండా నాలుగున్నరకే వచ్చి కూర్చోవడంలో సమయమే సంకేతమై ఉండొచ్చు. పావ్లోవ్ ల్యాబులో అర్ధగంటకొకసారి తిండి పెడితే, ఏ శబ్దమూ లేకుండానే ఆ వేళకి కుక్కలకి నోరూరేది.

తట్టడమే నన్ను ఆలోచింపజేస్తోంది. ఏదో ఒకరోజు తడుతుండగా ఐదయి ఉంటుంది, తిండి పడి ఉంటుంది, అలా అతుక్కుందని అనొచ్చు. బొమ్మాబొరుసు గారు పావురాల గురించి అన్నది అదే. లేదంటే వెలిగిన బిళ్లని పావురం పొడిచినట్టు, తిండి వచ్చే వస్తువు మీదికే తినే చేష్టలు వెళ్తున్నాయని కూడా అనొచ్చు. మీరు చెప్పినదాన్నిబట్టి విడదీయలేను. తట్టడం ఏ సమయంలో ఎక్కువ, ఐదుకి దగ్గరపడేకొద్దీ మారుతోందా, నాకడంగా మారుతోందా, ఒక వారం రాసి పెడతారా?

పిల్లితల్లి

నాలుగున్నరకి లేచి రాయమంటారా? అది జరగదండీ. ఐదు వారాల తరవాత ఇప్పుడే నిద్రపోతున్నాను.

బొమ్మాబొరుసు

ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి, చూద్దాం. కాకతాళీయమే అయి ఉంటుంది, నా మాట మీద నేనున్నాను.

చివరిబెంచీ

ఫోన్ ప్రశ్నకి అభ్యంతరం పెట్టాను. "రెండు జవాబులకీ మార్కు ఇస్తాం" అన్నారు. కుక్క ప్రశ్నకి మాత్రం కీ మారదట, చప్పుడు ఉంది కాబట్టి.